ఖాళీ జిల్లేడు పొదల్ని కూడా ఎందుకు లెక్కపెట్టాలి, ఎలా లెక్కపెట్టాలి

దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి వెళ్లే దారి పక్కన నోట్‌బుక్ పట్టుకుని జిల్లేడు ఆకులు తిప్పి చూస్తుంటే, అక్కడ ప్లాట్లు చేస్తున్న భూమి తాలూకు పెద్దమనిషి ఆగి అడిగాడు: "సారూ, పురుగులున్న చెట్లు ఇడిసిపెడ్తం, లేనియి తీసేస్తం. ఏమైతది?" ప్రశ్న న్యాయంగానే ఉంది. దానికి జవాబు మాత్రం చాలామంది అనుకునేది కాదు. ఆ జవాబును మీ ఊళ్లో మీరే లెక్కకట్టి తేల్చుకునే పద్ధతి చెప్తాను. మొదలుపెట్టడానికి రెండేళ్ల ఓపిక, ఫోన్లో జీపీఎస్, కొంచెం కూడిక తీసివేత చాలు.

మనం చూడబోయే పురుగు జిల్లేడు మిడత. పసుపు, నీలి పచ్చ చారలతో బొమ్మకు రంగులేసినట్టుంటుంది. చెలకల ఒరాల మీద, పడావు భూముల్లో, చెరువు కట్టల మీద జిల్లేడు ఉన్నచోట కనబడుతుంది. దీన్ని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దీని బతుకు దాదాపు జిల్లేడు చుట్టే తిరుగుతుంది, ఆ జిల్లేడు మన దగ్గర అక్కడో గుబురు ఇక్కడో గుబురుగా ఉంటుంది. పిల్ల మిడతలకు రెక్కలుండవు. పెద్దవి ఎగురుతాయి గానీ బద్ధకపు జీవులు. కాబట్టి ఒక గుబురులోని మిడతలు ఎక్కువగా అక్కడే పుట్టి అక్కడే పోతాయి. ఎప్పుడో ఒకటి రెండు మాత్రం ఇంకో గుబురు చేరతాయి. ఇలా చిన్న చిన్న గుంపులు వేరువేరు తావుల్లో ఉంటూ, ఒక్కో తావులో తుడిచిపెట్టుకుపోతూ, మళ్లీ పక్క తావు నుంచి వచ్చి నిండుతూ ఉండే మొత్తాన్ని మెటాపాపులేషన్ అంటారు. 1969లో రిచర్డ్ లెవిన్స్ దీనికి ఒక చిన్న సమీకరణం రాశాడు. పంటల పురుగుల్ని అదుపు చేయడం గురించి ఆలోచిస్తూ రాసిన లెక్క అది. తర్వాత ఇల్కా హాన్‌స్కీ, ఫిన్లాండ్‌లోని ఆలండ్ దీవుల్లో దాదాపు 4,000 పచ్చిక తావుల్లో ఒక సీతాకోకచిలుకను ఏటా వెతికించి, ఇలాంటి లెక్కల్ని నేల మీద పరీక్షించాడు. మనకు 50 తావులు చాలు.

తావుల జాబితా

బయలుదేరే ముందే "తావు" అంటే ఏమిటో రాసి పెట్టుకోండి. నేను పెట్టుకున్న నియమం ఇది: కనీసం మూడు జిల్లేడు మొక్కలుండాలి, పక్క గుబురుకు కనీసం 50 మీటర్ల ఎడం ఉండాలి. అంతకన్నా దగ్గరుంటే రెండూ కలిపి ఒకే తావు. 50 అన్న అంకెలో గొప్ప శాస్త్రమేమీ లేదు, రెక్కల్లేని పిల్లలు సులువుగా నడిచి దాటని దూరం అని నా అంచనా. మీరు వేరే దూరం పెట్టుకోవచ్చు, కానీ ఒకసారి పెట్టాక మధ్యలో మార్చకూడదు.

తర్వాత మీకు నడవగలిగినంత మేర తిరిగి, నియమానికి సరిపోయిన ప్రతి తావుకూ నంబరివ్వండి. జీపీఎస్ గుర్తుతో పాటు దగ్గర్లోని రాయి మీద పెయింటుతో అదే నంబరు రాయండి. జేసీబీ వచ్చిపోయాక ఏది ఏ తావో పోల్చుకోవడం కష్టం.

జాబితాలో మిడతలు ఉన్న తావూ, లేని తావూ రెండూ ఉండాలి. మొదటిసారి నేను ఇక్కడే దెబ్బతిన్నాను. మిడత కనబడిన పొదలే రాసుకుని, లేనివి వదిలేశాను. లేనిదాన్ని రాయడమెందుకు అనిపించింది. రెండో ఏడు వెళ్తే ఏ తావులు ఖాళీ అయ్యాయో తెలిసింది గానీ కొత్తగా ఏవి నిండాయో చెప్పలేకపోయాను. ఖాళీవాటి జాబితా నా దగ్గర లేదు మరి. చేతిలో మిగిలింది చావుల లెక్క మాత్రమే, పుట్టుకల లెక్క లేదు. సంవత్సరం వృథా అయింది.

ఉందా, లేదా

వానలు తగ్గుముఖం పట్టాక, బతుకమ్మ రోజుల చుట్టూ రెండు వారాలు పెట్టుకోండి. వచ్చే ఏడు కూడా అవే వారాలు. మార్చిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి చూసి పోల్చితే మీరు కొలిచింది కాలాన్నే గానీ మిడతను కాదు.

పిల్ల మిడతలు కనబడితే ఆ తావు నిండినట్టు రాయండి. ఒకే ఒక పెద్ద మిడత కనబడితే ప్రశ్న గుర్తు పెట్టి మళ్లీ వెళ్లండి, అది దారిన పోయేది కావచ్చు. పట్టుకోవాల్సిన పని లేదు. పట్టుకుంటే ఒంట్లోంచి ద్రవం చిమ్ముతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మరీ ప్రమాదం, ఆకులు తిప్పిన చేత్తో కళ్లు నలుపుకోవద్దు.

ఒక్కో తావుకు ఆ రెండు వారాల్లో మూడుసార్లు వెళ్లండి, వీలైతే వేరువేరు పూటల్లో. బద్ధకించి ఒకసారి చూసి వచ్చేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. మిడతలు నిజంగా ఉన్న పొదకు ఒకసారి వెళ్తే పదిసార్లలో ఏడుసార్లు కనబడతాయనుకుందాం. మొదటి ఏడు 20 తావుల్లో చూశారు. రెండో ఏడు ఒక్క తావులో కూడా మిడత పోలేదు. అయినా ఒక్కసారే వెళ్లారు కాబట్టి 14 చోట్లే కనబడతాయి, మిగతా ఆరింటిలో "అంతరించింది" అని రాసుకుంటారు. మూడో ఏడు అవే కనబడితే "కొత్తగా చేరింది" అని రాస్తారు. చావూ అబద్ధమే, పుట్టుకా అబద్ధమే. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ తప్పిపోయే అవకాశం 0.3 × 0.3 × 0.3, అంటే 0.027. 20 తావుల్లో సగటున ఒకటి కూడా తప్పిపోదు. మూడు రాకల్లో ఎన్నిసార్లు కనబడిందో విడివిడిగా రాస్తే, మీ ఊళ్లో ఆ "పదికి ఏడు" నిజంగా ఎంతో అదే చెప్తుంది.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. జిల్లేడు ఉండి మిడత పోతే అది అంతరించడం. జిల్లేడే పోతే తావు పోయింది, అది వేరే లెక్క. నరికిన జిల్లేడు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి నరికినవాటిని వెంటనే జాబితాలోంచి కొట్టేయకుండా "నరికారు" అని రాసి, మరుసటి ఏడు చూడండి. వేర్లతో సహా లేచిపోయి సీసీ రోడ్డు పడితే మాత్రం దాన్ని మరిచిపోవచ్చు.

రెండు రేట్లు

ఇప్పుడు రెండేళ్ల నోట్‌బుక్ పక్కపక్కన పెట్టండి. కింది అంకెలు లెక్క తేలికగా నడవడానికి నేను పెట్టినవి, మీవి వేరుగా వస్తాయి.

50 తావులు. మొదటి ఏడు 20 నిండాయి, 30 ఖాళీ. రెండో ఏటికి ఆ ఇరవైలో 6 ఖాళీ అయ్యాయి, ముప్పైలో 9 కొత్తగా నిండాయి.

అంతరించే రేటు సులువు. 20లో 6 పోయాయి కాబట్టి `e = 6/20 = 0.3`. ఒక తావు నిండాక సగటున ఎంతకాలం నిలుస్తుందో కూడా ఇదే చెప్తుంది: 1/0.3, అంటే మూడేళ్ల పైచిలుకు. చిన్న పొదలో పిల్లలన్నీ కలిసి ఆకంతా తినేసి ఆకలికి పోవచ్చు. మట్టిలో పెట్టిన గుడ్లు నాగలికి తిరగబడిపోవచ్చు.

చేరే రేటు దగ్గర కాస్త ఆగాలి. 30 ఖాళీల్లో 9 నిండాయి, అంటే ఒక ఖాళీ తావు నిండే అవకాశం 0.3. కానీ ఆ వచ్చే మిడతలు ఎక్కడివి? నిండిన తావుల నుంచే వచ్చాయి. నిండిన తావులు ఎక్కువుంటే ఎక్కువ వస్తాయి, తక్కువుంటే తక్కువ. అందుకే లెవిన్స్ దీన్ని రెండుగా విడదీశాడు. నిండిన తావుల వాటాను p అంటే, ఖాళీ తావు నిండే అవకాశం c × p. మన మొదటి ఏడు p = 20/50 = 0.4. కాబట్టి `c = 0.3/0.4 = 0.75`. చుట్టూ అన్నీ ఖాళీగా ఉంటే, నిండిన ఒక్క తావు ఏడాదిలో సగటున 0.75 కొత్త తావును నింపుతుందని దాని అర్థం.

ఏటేటా నడిచే లెక్క ఇది:

```
p_next = p + c*p*(1-p) - e*p
```

ఎక్సెల్‌లో A2 గడిలో 0.4 పెట్టి, A3లో కింది వరుస రాసి కిందికి లాగండి.

```
=A2+0.75*A2*(1-A2)-0.3*A2
```

0.46, 0.51, 0.54, 0.57 ఇలా పెరుగుతూ 0.6 దగ్గరికి చేరి ఆగిపోతుంది. A2లో 0.9 పెట్టి చూడండి, పైనుంచి దిగి మళ్లీ 0.6 దగ్గరే ఆగుతుంది. ఆ ఆగేచోటుకు సూత్రం:

```
p* = 1 - e/c = 1 - 0.3/0.75 = 0.6
```

ఇదే సమతౌల్య ఆక్యుపెన్సీ. పేరు బరువుగా ఉన్నా విషయం తేలికే.

0.6 అంటే ఏమిటి

ఇక్కడే చాలామంది పొరబడతారు. 50లో 30 తావులు మిడతలకు నచ్చాయి, మిగతా 20 నచ్చలేదు అనుకుంటారు. ఈ లెక్కలో 50 తావులూ ఒకేలాంటివి. ఏ తావుకూ మంచిచెడ్డల తేడా లేదు. అయినా 20 ఖాళీగా ఉంటాయి.

సమతౌల్యం దగ్గర ఒక ఏడాది నడిపి చూడండి. నిండిన 30లో ముప్పై శాతం, అంటే 9 తావులు ఖాళీ అవుతాయి. ఖాళీ 20లో ఒక్కోటి నిండే అవకాశం 0.75 × 0.6 = 0.45, కాబట్టి 9 నిండుతాయి. తొమ్మిది పోయాయి, తొమ్మిది వచ్చాయి, మొత్తం 30 కదల్లేదు. కానీ 50 తావుల్లో 18 తావుల స్థితి మారిపోయింది. ఈ ఏడు మిడతలు గిజగిజలాడిన పొద వచ్చే ఏడు బోసిగా ఉంటుంది, ఊళ్లో మొత్తం లెక్క మాత్రం అదే. చెరువులో నీటిమట్టం మారకపోయినా తూముగుండా నీళ్లు పోతూ, వాగునుంచి వస్తూ ఉన్నట్టు.

ఇంకోలా కూడా చూడొచ్చు, నాకు ఇదే ఇష్టం. నిండిన ఒక తావు తాను ఖాళీ అయ్యేలోపు ఎన్ని తావుల్ని నింపగలదు? ఏడాదికి 0.75, బతికేది 1/0.3 ఏళ్లు, రెండూ గుణిస్తే c/e = 2.5. కరోనా రోజుల్లో ఒకరి నుంచి ఎంతమందికి అంటుకుంటుందని రోజూ చెప్పిన అంకె లాంటిదే ఇది. 1 కన్నా తక్కువైతే మిడత ఊళ్లో నిలవదు. అయితే ఆ 2.5 అన్నది చుట్టూ అన్నీ ఖాళీగా ఉన్నప్పటి మాట. తావులు నిండేకొద్దీ వెళ్లిన మిడత ఇప్పటికే నిండినచోట దిగుతుంది, ఆ రాక లెక్కలోకి రాదు. పదింట నాలుగు మాత్రమే ఖాళీగా మిగిలినప్పుడు 2.5 × 0.4 = 1. ఒక తావు పోయేలోపు సరిగ్గా ఒక తావును నింపి పోతుంది. లెక్క ఆగేది అందుకే అక్కడ.

పెద్దమనిషి ప్రశ్న

ఇప్పుడు మిడతల్లేని 20 పొదలు తీసేయండి. తీసేసిన మరుసటి రోజు చూస్తే మిగిలిన 30 తావుల్లోనూ మిడతలే, నూటికి నూరు. ఫొటో తీసి పెట్టుకోవచ్చు, అంత బాగుంటుంది.

ఒక ఏడాది గడిచాక ఎప్పటిలాగే 9 తావులు ఖాళీ అవుతాయి. కానీ కొత్తగా నింపడానికి ఖాళీ తావు ఒక్కటీ లేదు. 21 మిగులుతాయి. ఆ తర్వాత ఏడు దాదాపు 17 లేదా 18, తర్వాత 15 లేదా 16, తర్వాత 14. ఇలా మెల్లగా జారుతూ 10 దగ్గర ఆగుతుంది. ఒక్క మిడత పొదను కూడా ముట్టుకోలేదు, అయినా 30 కాస్తా 10 అయ్యాయి. సూత్రంలో, తీసేసిన తావుల వాటాను D అనుకుంటే:

```
p* = 1 - D - e/c = 1 - 0.4 - 0.4 = 0.2
```

ఇక్కడ p మొదటి 50 తావుల్లో వాటా, కాబట్టి 0.2 అంటే 10 తావులు. మిగిలిన 30లో 10 నిండి, 20 ఖాళీ. ముందూ ఖాళీ 20, ఇప్పుడూ 20. ఎన్ని పొదలు కొట్టినా ఈ లెక్కలో ఖాళీల సంఖ్య తగ్గదు, తగ్గేది నిండినవే. తావులు తగ్గినప్పుడు బయల్దేరిన మిడతల్లో కొన్ని ఇప్పుడు జిల్లేడు లేనిచోట దిగి వృథా అవుతాయి, అందుకే ఇలా జరుగుతుంది. అలాగే కొట్టుకుంటూ పోయి 30 పొదలు తీసేస్తే, ఇంకా 20 జిల్లేడు పొదలు పచ్చగా నిలబడి ఉండగానే మిడత ఊళ్లోంచి పోతుంది. అదీ వెంటనే కాదు, కొన్నేళ్లపాటు ఉన్నట్టే కనబడి పోతుంది. మధ్యలో ఎవరైనా వచ్చి చూసి "ఉన్నాయిగా" అంటే వాళ్లను తప్పుపట్టలేం.

పెద్దమనిషికి ఇదంతా రోడ్డు మీద చెప్పలేదు. "ఖాళీ ఇండ్లు కూల్చేస్తే రేపు పిల్లలు పెళ్లిళ్లయి ఏడ ఉంటరు?" అన్నాను. నవ్వి పోయాడు. పొదలు మాత్రం పోయాయి.

ఈ అంకెను ఎంతవరకు నమ్మాలి

రెండేళ్ల లెక్కతో వచ్చిన 0.6ను ఎక్కడా గట్టిగా చెప్పకండి. 20 తావుల్లో 6 పోయాయి. అదే మిడత, అదే ఊరు, కాస్త అదృష్టం అటూ ఇటూ అయితే 4 పోవచ్చు, 8 పోవచ్చు. 4 పోతే e = 0.2, సమతౌల్యం 0.73. 8 పోతే e = 0.4, సమతౌల్యం 0.47. నాలుగు పొదల తేడాతో 50లో 37 తావుల నుంచి 23కి జారిపోతుంది. నాలుగైదేళ్ల చావులూ చేరికలూ కలిపి రేట్లు కట్టండి. అంతవరకు 0.73, 0.47 రెండూ పెట్టి నిర్ణయం మారుతుందో లేదో చూడండి. e = 0.4 అయితే e/c 0.53 అవుతుంది. అప్పుడు 30 దాకా అక్కర్లేదు, 24 పొదలు తీసేస్తే చాలు, మిడత పోతుంది. ఇలాంటప్పుడు చెడ్డ అంకెనే పట్టుకోవడం మేలు.

మన దగ్గర కరువు ఏళ్లు మామూలే కాబట్టి ఏడాదికి ఏడాది రేట్లు విడివిడిగా రాయండి. వానలు పడని ఏడు అన్ని తావులూ ఒకేసారి ఎండుతాయి. ఆ ఏడు e ఒక్కసారి 0.7కు ఎక్కితే, 30 నుంచి 21 పోయి, చేరికలు మామూలుగానే ఉన్నా 18కి పడుతుంది. ఒక్క ఏడైతే మళ్లీ కోలుకుంటుంది. పైన చెప్పిన లెక్క మాత్రం ఒక్కో తావు దాని కర్మకు అది పోతుందనుకుంటుంది, అన్నీ కలిసి పోవడం దానికి తెలియదు. సగటు e తో వచ్చే p* అందుకే కాస్త ఆశపోతు అంకె.

చివరగా ఒక పరీక్ష ఉంది, దీన్ని దాటేయకండి. లెవిన్స్ లెక్క ప్రకారం మిడతలు ఒక తావు నుంచి ఇంకో తావుకు వస్తాయి. మీ ఊళ్లో పెద్ద చెరువు కట్ట పొడవునా దట్టంగా జిల్లేడు ఉండి, అక్కడ మిడతలు ఏ ఏడూ పోకుండా ఉంటే, చేలల్లోని చిన్న పొదలకు మిడతలు ఆ కట్ట నుంచే వస్తుండవచ్చు. అప్పుడు ఖాళీ తావు నిండే అవకాశం p మీద ఆధారపడదు, ఏటా అదే 0.3. దాన్ని పెద్ద C అందాం. సూత్రం మారిపోతుంది:

```
p* = C/(C + e) = 0.3/(0.3 + 0.3) = 0.5
```

రెండేళ్ల అంకెలు చూసి ఈ రెండిట్లో ఏది నిజమో తెలియదు. మూడో ఏడు కూడా పెద్దగా తేల్చదు. 27 ఖాళీ తావుల్లో ఒక లెక్క 9 నిండుతాయంటుంది, ఇంకోటి 8 అంటుంది. తేల్చేది మ్యాపు. కొత్తగా నిండిన తావుల్ని మ్యాపు మీద ఎర్ర చుక్కలుగా పెట్టి, ఒక్కోదానికి దగ్గర్లోని నిండిన పొద ఎంత దూరమో, కట్ట ఎంత దూరమో రెండూ కొలవండి. ఖాళీగానే ఉండిపోయిన తావులకూ అవే కొలవండి. నిండినవి పక్క పొదలకు దగ్గరగా ఉంటే మొదటి లెక్క. పక్క పొదలతో సంబంధం లేకుండా కట్టకు దగ్గరివే నిండుతుంటే రెండోది. రెండోదైతే 20 పొదలు పోయినా మిగిలిన 30లో సగం, 15 నిండి ఉంటాయి, కట్ట ఉన్నంతకాలం మిడత ఊళ్లోంచి పోదు. అప్పుడు మీరు వెళ్లి మాట్లాడాల్సింది ప్లాట్లు చేసే వాళ్లతో కాదు, పూడిక తీసేటప్పుడు కట్ట మీద కంపతో పాటు జిల్లేడునూ చదును చేయించే వాళ్లతో.